టమాటా 30 నుంచి 50కి ఎగిరి 40 దగ్గర ఎందుకు ఆగింది: డిమాండ్ రేఖ, సప్లయ్ రేఖ జరగడం అంటే ఏమిటి

ప్రశ్న: "ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుందని పుస్తకంలో ఉంది. డిమాండ్ తగ్గితే ధర తగ్గుతుందనీ ఉంది. మరి వానల తర్వాత మా ఊరి మార్కెట్‌లో కిలో 30 ఉన్న టమాటా 50కి ఎగిరింది, వారం తిరిగేసరికి 40కి దిగి అక్కడే ఆగిపోయింది. తిరిగి 30కి ఎందుకు రాలేదు? రేఖ మీద కదలడం, రేఖే పక్కకు జరగడం, ఈ రెండిటినీ విడదీసి ఎలా గుర్తుపట్టాలి?"

మీరు చదివిన రెండు వాక్యాల్లోనూ "డిమాండ్" అనే మాట ఉంది. కానీ రెండు చోట్లా దాని అర్థం ఒకటి కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ధర పెరిగితే తగ్గేది కొనే పరిమాణం. డిమాండ్ అనేది ఒక అంకె కాదు, ఒక పట్టిక. కిలో 10 అయితే ఈ ఊరు ఎంత కొంటుంది, 20 అయితే ఎంత, 50 అయితే ఎంత అనే మొత్తం జాబితాను డిమాండ్ అంటాం. తోపుడు బండి దగ్గర "కిలో ఇవ్వు" అనబోయిన ఆవిడ "యాభై అమ్మా" అన్న మాట విని "అయితే అరకిలో చాల్లే" అంటుంది. ఆవిడ మనసులోని జాబితా మారలేదు. 30 అయితే కిలో, 50 అయితే అరకిలో అన్నది నిన్నా ఉంది, ఇవాళా ఉంది. ఆవిడ ఆ జాబితాలో ఒక వరుస నుంచి ఇంకో వరుసకు వెళ్లింది, అంతే. దీన్నే రేఖ మీద కదలడం అంటారు. అదే 30 రూపాయలకే ఆవిడ రెండు కిలోలు అడగడం మొదలుపెడితే జాబితానే మారినట్టు. అప్పుడు రేఖ పక్కకు జరిగింది అంటాం.

కాబట్టి "ధర పెరిగింది, డిమాండ్ తగ్గింది, అందుకే ధర మళ్లీ తగ్గాలి" అనే గొలుసు మొదటి మెలికలోనే తెగిపోతుంది. టమాటా ధర ఒక్కటే మారినప్పుడు టమాటా డిమాండ్ రేఖ కదలదు. దాన్ని జరిపేవి వేరే ఉంటాయి: జనం చేతిలోని డబ్బు, పండగలు, దీక్షలు, టమాటా బదులు వాడుకునే వాటి ధరలు, రేపు ధర ఎలా ఉంటుందోనన్న అంచనా. సప్లయ్ వైపు కూడా ఇంతే. వాన, తెగులు, డీజిల్ ధర, కూలి రేటు, ఎన్ని ఎకరాల్లో తోట వేశారన్నది సప్లయ్ రేఖను జరుపుతాయి. టమాటా ధర మాత్రం దాన్ని జరపదు, దాని మీద మనల్ని పైకీ కిందికీ నడిపిస్తుంది.

ఇక మీ ఊరి లెక్క చూద్దాం. ఒక ఊరి మార్కెట్‌లో రోజుకు అమ్ముడయ్యే టమాటాను క్వింటాళ్లలో తీసుకుందాం. అంకెలు లెక్క తేలిగ్గా ఉండేందుకు వేసుకున్నవి, కానీ అవి కదిలే తీరు నిజమైన మార్కెట్‌లో ఉన్నట్టే ఉంటుంది.

| కిలో ధర (రూ.) | కొనాలనుకునేది | వాన ముందు అమ్మాలనుకునేది | వాన తర్వాత అమ్మాలనుకునేది |
|---|---|---|---|
| 10 | 140 | 60 | 20 |
| 20 | 120 | 80 | 40 |
| 30 | 100 | 100 | 60 |
| 40 | 80 | 120 | 80 |
| 50 | 60 | 140 | 100 |

సూత్రంగా రాసుకుంటే ఇలా ఉంటుంది:

```
Qd = 160 - 2P      (డిమాండ్)
Qs = 40 + 2P       (వాన ముందు సప్లయ్)
Qs = 2P            (వాన తర్వాత సప్లయ్)
```

వాన ముందు రెండు రేఖలూ కలిసింది 30 దగ్గర. తెచ్చిన 100 క్వింటాళ్లూ అమ్ముడయ్యాయి, సరుకు మిగల్లేదు, అడిగినవాడికి లేదనలేదు. తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టింది. పూత రాలింది, కాయ మీద మచ్చ వచ్చింది, పండిన కాయ పగిలింది. ప్రతి ధర దగ్గరా ముందుకంటే 40 క్వింటాళ్లు తక్కువ వచ్చేలా పరిస్థితి మారింది. ఇక్కడ "ప్రతి ధర దగ్గరా" అన్నదే ముఖ్యం. పట్టికలో చివరి నిలువు వరుస మొత్తం మారింది. సప్లయ్ రేఖ ఎడమకు జరగడం అంటే ఇదే.

మొదటి రోజు ఏమైంది? రైతులు కాయ కోసి బండి ఎక్కించేటప్పుడు వాళ్ల మనసులో ఉన్నది నిన్నటి 30 రూపాయల ధరే. ఆ ధరకు వాన తర్వాత వచ్చే సరుకు 60 క్వింటాళ్లు. అది తెల్లవారుజామునే మార్కెట్‌లో దిగిపోయింది. ఆ పూటకు ఎవరూ దాన్ని పెంచలేరు, ఉన్నదాన్ని వెనక్కి తీసుకెళ్లి దాచనూ లేరు. పండిన టమాటా రెండు మూడు రోజులకు మించి ఆగదు. అంటే ఆ ఉదయానికి సప్లయ్ రేఖ నిటారుగా నిలబడిన గీత. 60 క్వింటాళ్లే ఉన్నప్పుడు కొనేవాళ్లు ఏ ధర దగ్గర సరిగ్గా 60కి దిగుతారో పట్టికలో చూడండి. 50 దగ్గర. మీ మార్కెట్‌లో మొదట ఎగిరిన ధర అదే.

కానీ 50 రూపాయలు పలుకుతోందన్న కబురు సాయంత్రానికల్లా పాకిపోతుంది. వాన పడని జిల్లా నుంచి వేరే ఊరికి పోవాల్సిన బండి ఇటు తిరుగుతుంది. నిన్నటిదాకా పక్కకు ఏరేసిన చిన్న కాయ, మచ్చ కాయ కూడా క్రేట్‌లోకి ఎక్కుతుంది. ఇంకా రెండు రోజులు చెట్టు మీద ఉంచాల్సిన దోరకాయను కూడా కోస్తారు. ఇదంతా కొత్త సప్లయ్ రేఖ మీదే పైకి నడవడం. రేఖ వెనక్కి పాత చోటికి రాలేదు, ఎందుకంటే పాడైన తోటలు పాడైనట్టే ఉన్నాయి. సరుకు కొద్దికొద్దిగా పెరుగుతూ 80 క్వింటాళ్లకు చేరేసరికి ధర 40కి దిగుతుంది. అక్కడ కొనేది 80, అమ్మేది 80. ఇంక దిగడానికి కారణం లేదు.

30కి ఎందుకు రాలేదన్న మీ ప్రశ్నకు జవాబు పట్టికలో మూడో అడ్డు వరుసలో ఉంది. 30 దగ్గర ఊరు 100 క్వింటాళ్లు అడుగుతుంది, వచ్చేది 60. పొద్దున్న ఎనిమిది గంటలకే సరుకు అయిపోతుంది, ఆలస్యంగా వచ్చినవాళ్లు ఇంకో రెండు రూపాయలు ఎక్కువిస్తామంటారు. ధర పైకి లేస్తుంది. కొత్త తోటలు కాపుకు వచ్చి రేఖ మళ్లీ కుడికి జరిగేదాకా ఇది తప్పదు.

ఇంకోటి కూడా గమనించండి. సప్లయ్ రేఖ 40 క్వింటాళ్లు ఎడమకు జరిగితే చివరికి అమ్మకం తగ్గింది 20 క్వింటాళ్లే. మిగతా 20ని పెరిగిన ధర వెనక్కి లాక్కొచ్చింది. "పంట 40 తగ్గింది కాబట్టి అమ్మకం 40 తగ్గుతుంది" అని పరీక్షలో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. సప్లయ్ రేఖ నిటారుగా ఉన్న మొదటి రోజుకు మాత్రమే అది సరిపోతుంది.

గీసేటప్పుడు జరిగే తప్పు కూడా చెప్పాలి. ధర నిలువు అక్షం మీద, పరిమాణం అడ్డం అక్షం మీద ఉంటుంది. సప్లయ్ తగ్గినప్పుడు రేఖ ఎడమకు జరుగుతుంది, కానీ అది ఏటవాలుగా పైకి పోయే గీత కాబట్టి చూడటానికి పైకి లేచినట్టు కనిపిస్తుంది. దాంతో "పైకి లేచింది, అంటే సప్లయ్ పెరిగింది" అని తారుమారు చేస్తారు. పైకి, కిందికి అన్న మాటలు వదిలేయండి. ఒక ధర దగ్గర అడ్డంగా గీత గీసి, పాత రేఖను ఎక్కడ తాకింది, కొత్త రేఖను ఎక్కడ తాకింది అని చూడండి. కుడికి పోతే పెరిగినట్టు, ఎడమకు పోతే తగ్గినట్టు. డిమాండ్‌కూ సప్లయ్‌కూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఇప్పుడు రైతు చేతికి వచ్చేది లెక్కేద్దాం. రేఖల ఏటవాలు ఎంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది. వాన ముందు 100 క్వింటాళ్లు, అంటే 10,000 కిలోలు, కిలో 30 చొప్పున 3,00,000 రూపాయలు. వాన తర్వాత 8,000 కిలోలు, కిలో 40 చొప్పున 3,20,000. పంట తగ్గింది, కానీ రైతులందరి చేతికీ కలిపి వచ్చిన డబ్బు పెరిగింది. తోట మునిగిన రైతుకు అందులో ఏమీ రాదు, కాయ నిలిచిన రైతుకే అదంతా పోతుంది. పేపర్లో "టమాటా రైతుకు కాసుల పంట" అని వచ్చిన రోజునే పక్క ఊళ్లో పంట పోయిన రైతు అప్పుల్లో ఉంటాడు. రెండూ నిజమే.

దీన్ని తిరగేసి చూడండి. వాతావరణం అనుకూలించి ఒక ఉదయం 140 క్వింటాళ్లు దిగాయనుకుందాం. అన్నీ అమ్ముడుపోవాలంటే ధర 10కి పడాలి. 14,000 కిలోలు, కిలో 10 చొప్పున 1,40,000 రూపాయలు. సరుకు 40 శాతం పెరిగితే ఆదాయం సగానికి పైగా పోయింది. కారణం డిమాండ్ రేఖ నిటారుకు దగ్గరగా ఉండటం. టమాటా అగ్గువైందని ఎవరూ రోజుకు మూడు పూటలా టమాటా పప్పు తినరు. ధర ఎంత పడినా కొనేది కొంతే పెరుగుతుంది. దీన్నే డిమాండ్ వ్యాకోచత్వం తక్కువగా ఉండటం అంటారు. కూరగాయల్లో ఇది మామూలే.

సప్లయ్ రేఖకు అడుగున ఒక గడప ఉంటుందన్నది పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. 25 కిలోల క్రేట్ ఒకటి మార్కెట్‌కు చేరాలంటే కోత కూలి, క్రేట్ అద్దె, బండి కిరాయి, హమాలీ ఉంటాయి. అన్నీ కలిపి క్రేట్‌కు 100 రూపాయలు అవుతాయనుకుంటే కిలోకు 4 రూపాయలు పడుతుంది. వేలంలో క్రేట్ 80కి పోతే రైతు ప్రతి క్రేట్ మీదా జేబులోంచి 20 ఇచ్చుకున్నట్టే, కమీషన్ ఇంకా లెక్కలోకి రాలేదు. అప్పుడు కాయను చెట్టునే వదిలేయడం నష్టాన్ని తగ్గించుకునే పని. నారుకు, ఎరువుకు, కర్రలకు పెట్టిన డబ్బు కోసినా రాదు, కోయకపోయినా రాదు. అది ఎప్పుడో ఖర్చయిపోయింది కాబట్టి ఇవాళ్టి నిర్ణయంలో దానికి చోటు లేదు. తోటలోకి గొర్రెల్ని తోలారని, రోడ్డు మీద పారబోశారని వార్తలు వచ్చినప్పుడు ఈ గడప గుర్తుకు రావాలి. తోటలో వదిలేసినవాడు ధర గడప కిందికి పోతుందని ముందే తెలిసినవాడు. రోడ్డు మీద పోసినవాడు కోసి, కిరాయి కట్టి, మార్కెట్ దాకా వచ్చాక ధర విన్నవాడు.

అదే రోజు మీ వీధి దుకాణంలో కిలో 15, 20 ఉండటం చూసి "దళారులు తినేస్తున్నారు" అనిపిస్తుంది. దళారుల జట్టు కట్టడం అసలు ఉండదని చెప్పను, కానీ దాని అవసరం లేకుండానే ఈ తేడా వస్తుంది. టోకు మార్కెట్ నుంచి దుకాణానికి చేర్చే ఖర్చు, దుకాణదారుడి కూలి ఇవి రెండూ ధరతో పాటు తగ్గవు. ఆ ఖర్చు కిలోకు 12 అనుకోండి. టోకు ధర 30 ఉన్నప్పుడు దుకాణంలో 42, టోకు ధర 3 ఉన్నప్పుడు 15. రైతు ధర పదో వంతుకు పడింది, మీకు పడింది మూడో వంతు దాకానే. దుకాణంలో అంత తగ్గనప్పుడు జనం అంత ఎక్కువ కొనరు, అందుకే మండీలో డిమాండ్ రేఖ దుకాణంలో కంటే ఇంకా మొండిగా ఉంటుంది.

డిమాండ్ రేఖ జరగడానికి మన దగ్గర అన్నిటికంటే మంచి ఉదాహరణ కార్తీక మాసం. ఎన్నో ఇళ్లలో ఆ నెలంతా మాంసం ముట్టరు, అయ్యప్ప దీక్షలూ అప్పుడే మొదలవుతాయి. కూరగాయల ధరలతో ఏ సంబంధం లేకుండా, అదే ధరకు జనం ముందుకంటే ఎక్కువ కూరగాయలు కొంటారు. కోడి మాంసం డిమాండ్ ఎడమకు, కూరగాయల డిమాండ్ కుడికి జరుగుతాయి. మరి ప్రతి కార్తీకంలోనూ చిక్కుడు ధర పెరుగుతుందా? పెరగదు. ఎందుకంటే చిక్కుడు కాపు అందుకునేదీ అప్పుడే.

పై పట్టికనే చిక్కుడుకు వేసుకుందాం. మొదట ధర 30, అమ్మకం 100. కార్తీకం వల్ల ప్రతి ధర దగ్గరా 20 క్వింటాళ్లు ఎక్కువ అడుగుతున్నారు. సప్లయ్ మారకుండా ఉంటే ధర 35కి పోయి అమ్మకం 110 అవుతుంది. కానీ కొత్త కాపు వల్ల ప్రతి ధర దగ్గరా 40 క్వింటాళ్లు ఎక్కువ వస్తోంది. రెండూ కలిపి చూడండి:

```
180 - 2P = 80 + 2P
P = 25,  Q = 130
```

డిమాండ్ పెరిగింది, అయినా ధర తగ్గింది. ఇది చూసి "కార్తీకం ప్రభావం ఏమీ లేదు" అనేస్తే తప్పు. దీక్షలు లేకపోయి ఉంటే ధర 20కి పడేది, 25 దగ్గర ఆపింది కార్తీకమే. ఒక మార్పు వల్ల ఏమైందో తెలియాలంటే ఇవాళ్టి ధరను నిన్నటి ధరతో పోల్చకూడదు. ఆ మార్పు లేకపోతే ఇవాళ ఎంత ఉండేదో దానితో పోల్చాలి. పేపర్లలో వచ్చే ధరల విశ్లేషణల్లో సగం ఇక్కడే దారి తప్పుతాయి.

రెండు రేఖలూ ఒకేసారి జరిగినప్పుడు ధర, పరిమాణం రెండిట్లో ఒకదాని దిక్కే ఖాయంగా చెప్పగలం. రెండూ కుడికి జరిగితే అమ్మకం పెరగడం ఖాయం, ధర ఎటు పోతుందో ఏది ఎక్కువ జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 2021 కార్తీకంలో దీనికి భిన్నంగా జరిగింది. నవంబర్ మూడో వారంలో రాయలసీమలో కుండపోత వానలు పడి తోటలు దెబ్బతిన్నాయి. సప్లయ్ ఎడమకు, కార్తీకం వల్ల డిమాండ్ కుడికి జరగాల్సిన సమయం. అలాంటప్పుడు ధర పెరగడంలో సందేహం ఉండదు, ఎందుకంటే రెండు మార్పులూ దాన్ని పైకే తోస్తాయి. టమాటా కిలో 100 దాటింది. అమ్మకం పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం గీత చూసి చెప్పలేం, మార్కెట్‌కు వచ్చిన సరుకు లెక్క చూడాల్సిందే.

ఇక గుర్తుపట్టే పద్ధతికి వద్దాం. ధర ఒక్కటే చూస్తే ఏ రేఖ జరిగిందో ఎప్పటికీ తెలియదు. ధరతో పాటు వచ్చిన సరుకును కూడా చూడాలి. ధర పెరిగి సరుకు తగ్గితే ప్రధానంగా సప్లయ్ ఎడమకు జరిగినట్టు. ధరా పెరిగి సరుకూ పెరిగితే డిమాండ్ కుడికి జరిగినట్టు. ధర తగ్గి సరుకు పెరిగితే సప్లయ్ కుడికి, రెండూ తగ్గితే డిమాండ్ ఎడమకు. సూత్రం ఇంతే: ధర, సరుకు ఒకే దిక్కున నడిస్తే డిమాండ్ కదిలింది, ఎదురెదురుగా నడిస్తే సప్లయ్ కదిలింది.

ఈ లెక్క కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ agmarknet.gov.in లో మార్కెట్ వారీగా, రోజు వారీగా దొరుకుతుంది. వచ్చిన సరుకు టన్నుల్లో ఉంటుంది. కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర క్వింటాల్‌కు ఇస్తారు. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అదే మోడల్ ధర, దాన్నే తీసుకోండి. గరిష్ఠ ధర పది క్రేట్ల మొదటి రకం కాయకు పలికింది కావచ్చు. క్వింటాల్ ధరను 100తో భాగిస్తే కిలో ధర వస్తుంది. ఒక్క రోజుతో ఇంకో రోజును పోల్చవద్దు. మార్కెట్‌కు సెలవు వచ్చిన మర్నాడు రెండు రోజుల కాయ ఒకేసారి దిగుతుంది, అది సప్లయ్ పెరగడం కాదు. ఏడు రోజుల సగటును ముందు వారం సగటుతోనూ, కుదిరితే పోయిన ఏడాది అదే వారంతోనూ పోల్చండి.

ఏ మార్కెట్‌ను చూస్తున్నామన్నది కూడా తేల్చుకోవాలి. మదనపల్లె మార్కెట్‌లో టమాటా కొనేది ఆ ఊరి జనం కాదు, బయటి రాష్ట్రాలకు పంపే వ్యాపారులు. ఇంకో రాష్ట్రంలో పంట పోతే ఢిల్లీ మార్కెట్‌కు అది సప్లయ్ ఎడమకు జరగడం. అదే సంఘటన మదనపల్లెకు డిమాండ్ కుడికి జరగడం, ఎందుకంటే ఢిల్లీ వ్యాపారి ఇప్పుడు ఇక్కడికి వస్తాడు. అక్కడి వాన ఇక్కడ వేలం పాటను పెంచుతుంది. మన ఊరి రైతు బజారులో అయితే మళ్లీ అది సప్లయ్ తగ్గడంగానే కనిపిస్తుంది, ఇటు రావాల్సిన కాయ అటు లారీ ఎక్కింది కాబట్టి.

2023 జూలైలో ఇవన్నీ ఒక్కచోట కనిపించాయి. దేశంలో చాలాచోట్ల కిలో 100 దాటి, కొన్ని నగరాల్లో 200 దాకా వెళ్లింది. కేంద్ర ప్రభుత్వం తరఫున సరుకు కొనే సహకార సంస్థలు నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో టమాటా కొని, జూలై 14 నుంచి ఢిల్లీ ప్రాంతంలో కిలో 90కి అమ్మడం మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్ రైతు బజార్లలో రాష్ట్ర ప్రభుత్వం రాయితీ మీద 50కి అమ్మించింది. పట్టికతో ఆలోచించండి. ఢిల్లీలో అది సప్లయ్‌ను కుడికి జరిపే పని, అక్కడ ధర కొంత దిగాలి. కొన్నచోట మాత్రం అది ఇంకో కొనుగోలుదారుడు వేలంలో చేరడం. ఆ పూటకు దేశంలో మొత్తం కాయ ఎంతుందో అంతే ఉంది, అది ఎవరి వంటింటికి చేరాలన్నది మాత్రమే మారింది. రైతు బజారులో 50కి అమ్మినప్పుడు మనిషికి కిలో అనే పరిమితి, పొడవాటి వరుస ఎందుకు వచ్చాయంటే, ఆ ధరకు అడిగేవాళ్లు ఉన్న సరుకు కంటే ఎక్కువ. ధర చేయాల్సిన పంపకాన్ని వరుస చేసింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. నర్సరీ నుంచి నారు తెచ్చి నాటితే టమాటా మొదటి కోత సుమారు 60 నుంచి 70 రోజులకు వస్తుంది. జూన్ చివర, జూలైలో ధర చూసి నాటిన తోట సెప్టెంబర్‌లో కాపుకు వస్తుంది. ప్రతి రైతూ విడివిడిగా సరైన నిర్ణయమే తీసుకున్నాడు, కానీ అందరూ ఒకే ధరను చూసి తీసుకున్నారు. సెప్టెంబర్‌లో ధర కిలో కొద్ది రూపాయలకు కుప్పకూలి, పత్తికొండ లాంటి మార్కెట్ల దగ్గర రైతులు కాయను పారబోశారు. మీ ఊళ్లో వాన తర్వాత ధర 40 దగ్గర నెమ్మదిగా కుదురుకోవడానికి కారణం లారీలు రోజుకిన్ని చొప్పున రావడం. పంట వేసే నిర్ణయానికి ఆ వెసులుబాటు లేదు. వేశాక రెండు నెలలపాటు దాన్ని సవరించలేం, కాపుకొచ్చాక రేఖ ఒక్కసారిగా కుడికి దూకుతుంది. అర్థశాస్త్రంలో దీన్ని సాలెగూడు నమూనా అంటారు, ధర పైకీ కిందికీ తిరిగే దారిని గీస్తే సాలెగూడులా వస్తుంది కాబట్టి.

దీన్నిబట్టి టమాటా వేయబోయే రైతుకు ఇవాళ్టి మండీ ధర కంటే పనికొచ్చే సమాచారం ఒకటి ఉంది. చుట్టుపక్కల నర్సరీల్లో ఈ వారం టమాటా నారు ఎంత అమ్ముడవుతోంది, ముందుగా ఎన్ని వారాలకు బుక్ అయిపోయింది అన్నదే అది. నారు దొరకడం లేదంటే రెండు నెలల తర్వాతి సప్లయ్ రేఖ కుడికి జరగడం ఇప్పటికే మొదలైందని అర్థం.

మీరు కూడా ఒక పని చేయండి. దగ్గర్లోని మార్కెట్ ఒకటి ఎంచుకుని, టమాటాకు గత పన్నెండు వారాల మోడల్ ధర సగటు, వచ్చిన సరుకు సగటు పక్కపక్కన రాసుకోండి. ప్రతి వారానికీ ఎదురుగా ధర, సరుకు ఒకే దిక్కున నడిచాయా, ఎదురెదురుగా నడిచాయా అని గుర్తు పెట్టండి. ఎక్కువ వారాల్లో ఎదురెదురుగానే కనిపిస్తాయి, ఎందుకంటే టమాటాలో తరచూ కదిలేది సప్లయే. ఒకే దిక్కున నడిచిన వారాలు రెండో మూడో దొరికితే క్యాలెండర్ తీసి ఆ వారాల్లో పండగలు, పెళ్లి ముహూర్తాలు ఉన్నాయేమో చూడండి. అవి లేకపోతే పక్క రాష్ట్రంలో వానలు పడ్డాయేమో చూడండి.